ఎదుటి గోడకు జాజు

ఒక గోడకు రంగు మార్చడం ఎంతసేపు పని అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఎల్లారెడ్డిలో మా అత్తవారింట్లో ముందరి అర్రలో, అంటే ముందు గదిలో, ఒక గోడ ఎర్రగా చేయించడానికి నాకు దసరా ముందరి పదిహేను రోజులు పట్టాయి. దాన్ని మళ్ళీ తీసేయించడానికి ఎండాకాలం వచ్చింది. ఈ రెంటి మధ్య ఆర్నెల్లు ఒక మనిషి నోరు తెరవకుండా నా ముచ్చట భరించింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందుగా ఒంట్లో అలసటే తెలుస్తుంది, సిగ్గు ఆ తర్వాత వస్తుంది.

అప్పుడు మా ఇంట్లో నలుగురమే. మామ, నా భర్త, నేను, మా తోడికోడలు. ఆమెను నేను అక్క అనేదాన్ని. మా బావ బొంబాయి మిల్లులో పనికి పోయి నాలుగేళ్ళయింది. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు, అదీ జర్మనీ లడాయి మొదలైందన్న ఏడు రాలేదు. నా భర్త తాలూకా కచేరీలో నకళ్ళు రాసేవాడు. అక్క పొద్దున లేచి ఇంటిపని ముగించి ముందరి అర్రలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. పొద్దు వాలేదాకా చుట్టేది. నేను ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు. వంట నాది, వాకిలి నాది, ఇల్లు ఎట్లా కనిపించాలన్న పట్టింపు కూడా నాదే.

ఆ పట్టింపు కామారెడ్డి నుంచి తెచ్చుకున్నాను. మా అమ్మగారి ఊరది. స్టేషను దగ్గర ఒక వకీలు గారి ఇల్లుండేది. మా అమ్మ వాళ్ళింటికి పచ్చళ్ళు పెట్టిచ్చేందుకు పోతుంటే నేనూ వెంట పోయేదాన్ని. వాళ్ళ ముందరి అర్రలో మూడు గోడలు తెల్లగా ఉండేవి. గుమ్మం దాటగానే ఎదురయ్యే గోడ ఒక్కటి దానిమ్మ పువ్వు రంగులో ఉండేది. దాని ముందు రెండు కుర్చీలు, ఒక బల్ల. లోపలికి అడుగు పెట్టినవాళ్ళ కళ్ళు నేరుగా అక్కడికే పోయేవి. పెళ్ళయి ఎల్లారెడ్డి వచ్చిన మొదటి రోజు నుంచి మా ముందరి అర్ర నాకు ఏదో లోటుగా కనిపించేది. నాలుగు గోడలూ ఒకటే సున్నం. మీది నుంచి వాసాల పొగ, కింది నుంచి చెమ్మ.

దసరాకు ఇంటికి సున్నం వేయించే మాట రాగానే నేను నా కోరిక బయటపెట్టాను. మామ మంచం మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు.

"గోడలకు సున్నం ఎయ్యాలె, గంతే. ఒక గోడకు ఒక రంగు, ఇంకో గోడకు ఇంకో రంగు ఏందమ్మా. ఇల్లా, బహురూపులోల్ల యేషమా?" అన్నాడు.

"కామారెడ్డిల గట్లనే ఏస్తుండ్రు మామా."

"రైలు జూశొచ్చిన పిల్లవు, నీతోని ఏం మాట్లాడుదుం" అని నవ్వి ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టే.

నా భర్త మొదట తల అడ్డంగా ఊపాడు. "ఎల్లారెడ్డిల ఎవలింట్లనన్న ఉన్నదా గట్ల?" అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు కొంచెంసేపు ఆలోచించి, "అయితె మనదే మొదటిదైతది" అన్నాడు. కచేరీ నుంచి అప్పుడప్పుడు పై అధికారి గిర్దావరు గారు కాగితాల కోసం మా ఇంటికి వచ్చేవాడు. ఆయన కూర్చునే చోటు బాగుండాలని మా ఆయనకు కూడా మనసులో ఉండేది. ఆ రోజు నుంచి నాకంటే ఆయనకే తొందరెక్కువైంది.

జాజు కోసం నేనే కామారెడ్డి పోయాను. జాజు అంటే ఎర్రమన్ను, గోడల అడుగున పట్టీ దిద్దడానికీ గడప అలంకారానికీ ఎక్కడైనా దొరికేదే. కానీ మా ఊళ్ళో దొరికేది ఇసుక కలిసి గరుకుగా ఉండేది. కామారెడ్డి బజారులో మెత్తటి గడ్డలు దొరుకుతాయి. మా అమ్మ నాతో పాటు దుకాణానికి వచ్చింది. గడ్డను గోటితో గీరి చూస్తూ అడిగింది.

"ఆ అర్రల ఎవలు కూసుంటరే?"

"ఎవలూ కూసోరమ్మా. వచ్చేటోల్లు కూసుంటరు" అన్నాను.

ఈ మాట అన్నప్పుడు నా నాలుక ఏమాత్రం తడబడలేదు. అదే ఇప్పటికీ నన్ను పీకుతుంది. రోజూ ఆ అర్ర ఊడ్చేటప్పుడు "అక్కా, కాలు తియ్యి" అని చెప్పి ఆమె చుట్టూ ఊడ్చేదాన్ని నేనే. అయినా ఆమె అక్కడ కూర్చుంటుందని నాకు గుర్తు రాలేదు.

సున్నం వేయడానికి ఒక తాత వచ్చేవాడు. ఆ చుట్టుపక్కల దొరల గడీలకు కూడా ఆయనే వేసేవాడు. వచ్చిన రోజు సున్నపు రాళ్ళు గోలెంలో పోసి నీళ్ళు పెట్టి, అవి బుసబుస ఉడుకుతుంటే పక్కన కూర్చుని అర్రను చూశాడు. ఏ గోడకు రంగు వేయాలన్నది ఆయన చెప్పినంత సాఫీగా నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఉత్తరం గోడకు వంటింటి తలుపుంది, కింద ధాన్యం బస్తాల చెమ్మ కొట్టి సున్నం పెళ్ళలు లేస్తోంది, దానికి ఏ రంగు వేసినా నిలవదు. దక్షిణపు గోడకు దీపపు గూడు, గూడు మీద మసి. ఆ గోడ పక్కనే మామ మంచం. తూర్పు గోడకు వీధి తలుపు, దాని పక్కనే కిటికీ.

"వెలుగొచ్చే గోడకు రంగెయ్యద్దు బిడ్డా. వెలుగు మన కండ్లల్ల వడ్తది, గోడ నల్లగ కనవడ్తది. వెలుగు పడేతందుకు ఉన్న గోడకు ఎయ్యాలె" అన్నాడు.

అంటే పడమటి గోడ. తలుపుకు ఎదురుగా, ఏ గండీ లేకుండా ఉన్న గోడ. నేను మనసులో ఎంచుకున్నదీ అదే. నాకు లెక్క కుదిరినందుకు పొంగిపోయాను.

రంగు దగ్గర మాత్రం తాతకూ నాకూ కుదరలేదు. ఆయన జాజును సున్నంలో కలిపి ఆ గోడ మూలకు చేటంత మేర పూసి చూపించాడు. తడిగా ఉన్నప్పుడు అది నేను కోరుకున్న ఎరుపే. "తడి మీద మెచ్చుకోకు, రేపు సూడు" అన్నాడు. మర్నాడు చూస్తే అది ఆరి, ఉతికి ఉతికి వెలిసిన చీర రంగుకు వచ్చింది. సున్నంలో కలిపిన ఏ రంగైనా ఆరితే అంతే, సగానికి సగం తేలిపోతుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చేసి చివరికి ఈ వెలిసిన గులాబీయా?

"సున్నం కలుపకు తాతా. జాజే పుయ్యి" అన్నాను.

"సున్నం లేకుంటె ఘాటైతది. దినాం సూసేటందుకు కష్టమైతది బిడ్డా."

"కానియ్యి. ఘాటుగనే ఉండాలె."

తాత రెండోసారి చెప్పే మనిషి కాదు. తుమ్మబంక కలిపిన జాజు రెండు పూతలు పూశాడు. ఆరిన తర్వాత మిగిలిన మూడు గోడలనూ చూసి పెదవి విరిచాడు. సున్నం తెల్లగా కనిపించాలని అందరూ దాంట్లో చిటికెడు నీలం వేస్తారు, మా గోడలకూ అదే వేశారు. ఎరుపు పక్కన ఆ నీలపు తెలుపు జ్వరపడ్డ మొహంలా పాలిపోయింది. అందుకని మూడు గోడలకూ మీద ఇంకో పూత వేశాడు. ఈసారి నీలం బదులు పసుపు రంగు పచ్చమన్ను దోసెడు కలిపాడు. అప్పుడు తెలుపు కాస్త వెన్నరంగుకు తిరిగింది, ఎరుపుతో కొట్లాడడం మానింది. ఆ పని చూసి నేను తాతను ఎంత మెచ్చుకున్నానో. గోడలు ఒకదానితో ఒకటి ఎట్లా పొసగాలన్నది అంత శ్రద్ధగా చూసుకున్నాం.

ఆ నాలుగు రోజులూ అక్క పెరట్లో కూర్చుని బీడీలు చుట్టింది. పెరట్లో ఎండకూ గాలికీ తునికాకు ఎండిపోయి పెళపెళమని విరిగేది. ఆమె మాటిమాటికీ తడిగుడ్డ కప్పుకుంటూ చుట్టేది. నేను అటూ ఇటూ తిరుగుతూ మామను అడిగాను, నా భర్తను అడిగాను, తాతను అడిగాను, గోడవతలి ఇంటావిడను కూడా పిలిచి చూపించి "ఎట్లుంది?" అని అడిగాను. అక్క పక్కనుంచి మాత్రం గోలెం ఎత్తుకుని పోయాను.

దసరాకు వచ్చినవాళ్ళందరూ గడపలో నిలబడి గోడను చూసి ఆ తర్వాతే మమ్మల్ని చూశారు. గిర్దావరు గారు వచ్చి "బహుత్ ఖూబ్" అని మెచ్చుకున్నాడు. నా భర్త ఆ మాటను నెలరోజులు నమిలాడు. ఒక్క మామకే చిక్కొచ్చింది. ఎవరితోనో మాట్లాడుతూ ఆ గోడకు ఆనుకున్నాడు, బంక తక్కువైన చోట జాజు అంటుకుని తెల్ల అంగీ వెనుకంతా ఎర్రబడింది. ఆ అంగీతోనే బజారంతా తిరిగి వచ్చాడు. "రైలు జూశొచ్చిన పిల్ల నాకు ముద్రేశింది" అని చాలా రోజులు అందరికీ చెప్పి నవ్వించేవాడు.

అక్క తిరిగి అర్రలోకి వచ్చింది. ఆమె కూర్చునే చోటు ఎప్పటిదో. కిటికీకి వీపు పెట్టి, పడమటి దిక్కుకు మొహం పెట్టి కూర్చునేది. వెలుగు భుజం మీది నుంచి చాటలో పడాలి, అప్పుడే ఆకు నరం, చిరుగు కనిపిస్తాయి. అది ఒక కారణం. ఇంకో కారణం నాకు తెలిసి కూడా పట్టించుకోనిది. దక్షిణానికి తిరిగితే మామ మంచం ఎదురవుతుంది. కోడలు మామకు ఎదురుగా మొహం పెట్టి కూర్చోదు. ఉత్తరానికి తిరిగితే వంటింటి దారికి అడ్డం, పైగా వెలుగు కుడివైపు నుంచి పడి తన చెయ్యి నీడ తన ఆకు మీదే. తూర్పుకు తిరిగితే వీధి. పెనిమిటి బొంబాయిలో ఉన్న ఆడది వీధికి మొహం పెట్టి దినమంతా కూర్చుంటే ఊరు ఏమంటుందో చెప్పనక్కర్లేదు. నాలుగు దిక్కుల్లో ఆమెకు దక్కింది పడమర ఒక్కటే, ఆ దిక్కున నేను నా జాజు పూయించాను.

శీతాకాలం వచ్చేసరికి అక్క నుదుటికి తడిగుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టింది. పొద్దున పూట మరీను. అడిగితే "తలకాయె నొస్తున్నది" అనేది. బీడీల కార్ఖానా వాళ్ళు ఆమె కట్టల్లోంచి ఇదివరకటి కంటే ఎక్కువ బీడీలు తీసి పడేస్తున్నారని విన్నాను. చిరిగిన ఆకు చూసుకోకుండా చుడుతోందట. "దానికి గూడ వయసు మీద వడ్తున్నది" అన్నాడు మామ. ఆమెకు అప్పుడు ముప్పై దాటలేదు. నేనేమన్నానో అదీ రాస్తాను. "బొంబాయి నుంచి ఉత్తరం రాలేదని మొకం ముడుసుకున్నది" అని నా భర్తతో అన్నాను. అర్ర మంచిగా కనిపించేవేళ ఈమె గుడ్డ కట్టుకుని కూర్చోవడం నాకు కంటికి అడ్డంగా ఉండేది.

ఎండలు ముదరకముందు బీర్కూరు నుంచి కబురు వచ్చింది, అక్క వాళ్ళమ్మకు బాగాలేదని. ఆమె బండెక్కి పోయింది. పోతూ పోతూ నన్నొక్కటే అడిగింది. "నేనొచ్చేదాక రోజుకింత సుట్టు చెల్లె. పని ఆగితె కార్ఖానోల్లు నా పేరు కొట్టేస్తరు." నాకు చుట్టడం వచ్చు, ఇష్టం లేకపోవడం వల్ల చుట్టేదాన్ని కాదు. సరేనన్నాను.

మొదటి రోజు ఆమె గోనెపట్టా మీద, ఆమె చోటులోనే కూర్చున్నాను. వేరే చోటు ఎందుకు కుదరదో కూర్చోబోయేసరికి నాకూ తెలిసింది. కత్తెరతో ఆకులు కోసి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి, తల ఎత్తాను. ఎదురుగా ఎరుపు. మళ్ళీ తల దించాను. నాలుగు బీడీల తర్వాత మెడ నొప్పెట్టి ఎత్తాను. ఎరుపు. తలెత్తినప్పుడల్లా కంటికి ఆనుకోవడానికి చోటు కావాలి, ఆ చోటులో అది నిలబడి ఉంది. కిటికీ ఎండ నేరుగా ఆ గోడ మీద పడింది. పడ్డ వెలుగు తిరిగి నా ఒళ్ళోకి వచ్చింది. చాట ఎర్రబారింది, నా చేతులు ఎర్రబారాయి, పచ్చి వాసన పోని ఆకు కూడా నల్లగా, మాడినట్టు కనిపించింది. ఏది లేతదో ఏది ముదిరిందో, ఎక్కడ చిరిగిందో తెలియలేదు. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల పచ్చటి చదరపు ముక్క ఒకటి కదలకుండా నిలిచింది. మధ్యాహ్నానికి కణతల దగ్గర మొదలైన నొప్పి వెనక్కి పాకింది.

రెండో రోజు నుదుటికి తడిగుడ్డ కట్టుకున్నాను. కట్టుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. అక్క తలనొప్పి ఎక్కడిదో నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. గుడ్డ కట్టుకుని అలా కూర్చున్నాను, చాలాసేపు ఒక్క బీడీ కూడా చుట్టలేదు. నా మీద నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా ఆమె మీద వచ్చింది. ఒక్క మాట చెప్తే ఏం పోయింది ఈమెది అనుకున్నాను. తర్వాత ఆ కోపం కూడా పోయింది. ఎవరికి చెప్పాలి ఆమె? గోడను చూసి మురిసే నాకా, గిర్దావరు మాటనే నెలరోజులు నమిలిన నా భర్తకా?

ఆ సాయంత్రం ఆయనతో గోడ తీసేయించాలన్నాను.

"నలుగురు మెచ్చుకున్న గోడ. మల్ల తెల్లగ జేస్తె ఆ నలుగురే నవ్వుతరు" అన్నాడు.

"నవ్వనియ్యి. ఒక్క పూట నువ్వు ఆడ కూసొని సూడు."

నిజాం సర్కారు కచేరీకి శుక్రవారం సెలవు. ఆయన పంతం కొద్దీ తన నకళ్ళ కాగితాలు పట్టుకుని అక్క చోటులో కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. ఒక కాగితం రాసి కళ్ళు నులుముకున్నాడు. రెండో కాగితానికి సిరా బాగాలేదన్నాడు. మూడోదానికి లేచి కాగితాలు తీసుకుని మంచం మీదికి పోయాడు. అన్నం తింటున్నప్పుడు మాత్రం నావైపు చూడకుండా, "ఆ సున్నం తాతను పిలువంపు" అన్నాడు. నవ్వాలనిపించింది గానీ నవ్వే ఓపిక లేదు.

తాత వచ్చి గోడను చూసి, నన్ను చూసి, నీళ్ళు తెమ్మన్నాడు. పాత కొబ్బరి పీచుతో ఇద్దరం గోడను కడిగాము. ఎర్ర నీళ్ళు గచ్చు మీద పారి, నా కాళ్ళు మడమల దాకా జాజు పట్టాయి. గోడ ఆరాక సున్నం వేశాడు. మర్నాడు అది గులాబీగా తేలింది. ఇంకో పూత వేశాడు. మళ్ళీ గులాబీయే, కొంచెం తక్కువ. జాజు కిందినుంచి పైకి వస్తూనే ఉంది. మూడో పూత తర్వాత కూడా అంతే, నేను గోడ ముందు కూలబడ్డాను.

"తెలుపుతోని ఎరుపు సావది బిడ్డా. పచ్చతోని సస్తది" అన్నాడు తాత.

మైలుతుత్తం రాయి చిన్నది తెచ్చి కరిగించి సున్నంలో పోశాడు, నీలమయింది. దాంట్లో దసరాకు మిగిలిన పచ్చమన్ను కలిపాడు, లేత ఆకుపచ్చకు తిరిగింది. ఈసారి నన్ను అడగకుండానే మూలకు ముక్క పూసి, మర్నాటిదాకా దాని జోలికి పోలేదు. నేనూ తొందర పెట్టలేదు. ఆరిన తర్వాత చూస్తే కింది గులాబీ ఎటు పోయిందో తెలియలేదు. నానబెట్టిన పెసల రంగు మిగిలింది. మిగతా మూడు గోడల వెన్నతెలుపులో ఉన్న పచ్చమన్నే దీంట్లోనూ ఉంది కాబట్టి నాలుగూ ఒక ఇంటివాళ్ళలా కుదిరాయి. గోడ మొత్తం వేశాక నేను అక్క చోటులో కూర్చుని చూశాను. కంటికి ఆనుకునే చోటు దొరికింది. ఇన్నాళ్ళూ నేను అర్రను గడపలో నిలబడే చూశానని అప్పుడు అర్థమైంది.

పదమూడో రోజు అక్క వచ్చింది. వాళ్ళమ్మ కోలుకుంది. మూట దించి, గుమ్మంలో ఆగి గోడవైపు చూసింది.

"ఎర్రది ఏమాయె చెల్లె?"

"తీపిచ్చిన."

"ఎందుకు? నీకు ఇష్టమాయె గద."

"నీ తాన కూసున్న అక్కా, ఇన్ని దినాలు."

ఆమె పెరట్లోకి పోయింది. కాళ్ళు కడుక్కుని వచ్చి, తన పట్టా మీద కూర్చుని, చాట లేకుండా ఊరికే గోడను చూసింది. తర్వాత అన్న మాట నేను అనుకోనిది.

"ఎరుపంటె నాకు గూడ ఇష్టమే. మంచిగనే ఉండె. దినమంత సూసుడే అయితలేకుండె."

నేను ఇన్ని రోజులూ ఆమెకు ఆ రంగే గిట్టదని అనుకున్నాను. అది కూడా నేను అడగకుండా తీర్మానించుకున్నదే. దసరాకు మిగిలిన జాజు ఇంకా పెరట్లోనే గోలెంలో ఉంది. ఈసారి ఆమెనే అడిగాను.

"అక్కా, జాజు ఉన్నది ఇంక. ఏ గోడకు ఎయ్యాలె నువ్వు చెప్పు."

ఆమె నావైపు చూసింది, నేను వేళాకోళమాడుతున్నానేమోనని. ఆ తర్వాత లేచి నిలబడి నాలుగు గోడలనూ ఒక్కొక్కటిగా చూసింది. చాలాసేపు చూసింది. సంతలో బట్ట కొనేటప్పుడు కూడా ఆమె అంతసేపు చూడగా నేను ఎన్నడూ చూడలేదు.

"ఇగో, ఈడికి" అని తన వెనుకనున్న తూర్పు గోడ చూపించింది.

తాతను పిలిస్తే ఆయన ఒప్పుకోలేదు. "అది వెలుగొచ్చే గోడ, పగలు నల్లగ కనవడ్తదని చెప్పిన గద" అన్నాడు.

"ఉండనియ్యి తాతా. పగలు నాకు ఆకుల పనే. పొద్దుమీకి దీపం పెడితె వెలుగు గోడ మీద వడ్తది గద. అప్పుడు సూస్కుంటం" అంది అక్క.

తాత ఆ గోడను ఒకసారి తడిమి, "అయితె సున్నం బాగ కలుపాలె" అన్నాడు. వెలుగు వచ్చే గోడ కాబట్టి లేతగా ఉంటేనే పగలు మరీ నల్లగా కనిపించదట. జాజులో సున్నం కలిపి తలుపు చుట్టూ, కిటికీ చుట్టూ పూశాడు. మర్నాడు ఆరి వెలిసిన చీర రంగుకు వచ్చింది. దసరాకు నేను చూసి ఏడ్వబోయిన ఆ గులాబీయే. నా భర్త దాన్ని ఒకసారి చూసి కచేరీకి పోయాడు. గిర్దావరు గారికి అది కనిపించాలంటే లోపలికి వచ్చి వెనక్కి తిరగాలి, ఆయన తిరగలేదు. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ నవ్వలేదు.

ఆ మొదటి సాయంత్రం మామ తిని అరుగు మీదికి పోయాడు. వీధి తలుపు దగ్గరికి వేసి, గూట్లో దీపం పెట్టాను. అక్క చాట గోడకు ఆనించి, పట్టా మీద అటునుంచి ఇటు తిరిగి కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె తూర్పుకు మొహం పెట్టి కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. దీపపు వెలుగులో పగటి నలుపు పోయి గోడ వెచ్చగా, మెత్తగా ఎర్రబడింది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ ఒళ్ళు అలిసిపోయి ఉంది.

కొంచెంసేపయ్యాక అక్క నావైపు తిరిగి అడిగింది. "నీ కండ్లకు ఎట్లున్నది చెల్లె? ఎక్కువనిపిస్తె చెప్పు. ఇంకింత సున్నం కలుపుమందాం."

బాగుందక్కా అన్నాను. అట్లాంటి మాట ఆమెను అడగడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, ఆమెకు ఒక్క పూట కూడా పట్టలేదు.